ఫ్రిజ్ నాబ్ తిప్పేసే ఫ్లాట్‌మేట్ – చీటీలతో నడుస్తున్న గొడవ, సలహా కావాలి

వేపపువ్వు
మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. నాది బాల్కనీ గది, ఆమెది ముందు గది. బ్రోకర్ కుదిర్చాడు కాబట్టి ముందు పరిచయం లేదు. ఆమెది మెడికల్ కోడింగ్‌లో నైట్ షిఫ్ట్, తెల్లవారుజామున ఐదింటికి వస్తుంది. నేను ఎనిమిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరేసరికి ఆమె తలుపు వేసుకుని పడుకుని ఉంటుంది. నేను తిరిగి వచ్చేసరికి వెళ్లిపోయి ఉంటుంది. ఏం చెప్పుకోవాలన్నా ఫ్రిజ్ తలుపు మీద చీటీలే దిక్కు.

ఫ్రిజ్ ఓనర్ ఇచ్చినదే, పాత సింగిల్ డోర్. లోపల 1 నుంచి 7 దాకా అంకెలున్న నాబ్ ఉంటుంది. గొడవంతా దాని గురించే. ఇప్పటిదాకా నడిచిన చీటీలు ఇవి:

"దయచేసి నాబ్ 3లోనే ఉంచండి. – బాల్కనీ గది"
"పెరుగు సాయంత్రానికే పుల్లబడుతోంది. 6లో పెట్టాను. – ముందు గది"
"3లోనే ఉంచండి, ప్లీజ్. కారణం ఉంది."
"కారణం ఏంటో రాస్తే ఆలోచిస్తాను. నా పాలు విరిగిపోతున్నాయి."
"తలుపులో గుడ్ల పక్కన ఉన్న తెల్ల డబ్బాని కదపకండి."
"గోంగూర పచ్చడి సీసాకి చోటు లేక మీ డబ్బాని పైకి మార్చాను, ఫ్రీజర్ కింద ట్రేలో ఉంది. ఫ్రిజ్ ఇద్దరిదీ."

ఆ డబ్బాలో ఉన్నది నా ఇన్సులిన్. నాకు టైప్ 1 షుగర్. నిన్న తీసి చూస్తే రెండు పెన్నులు గడ్డకట్టి ఉన్నాయి. బయట పెడితే కరిగాయి, చూడటానికి నీళ్లలా మామూలుగానే ఉన్నాయి. వాడొచ్చా? అసలు ఈ మనిషితో ఏం చేయాలి? షుగర్ సంగతి ఆమెకి చెప్పడం నాకు ఇష్టం లేదు.

గుంటూరు_మిర్చి
ఇల్లు మారిపో. చీటీలతో సంసారం ఎంతకాలం?

సందేహాల రావు
వాడొచ్చమ్మా. మా నాన్నగారి ఇన్సులిన్ కూడా ఒకసారి గడ్డకట్టింది. కరిగాక వాడారు, ఏమీ కాలేదు. మందు మందే కదా. రంగు మారితేనే పారేయాలి.

ఫార్మసిస్ట్_వరంగల్
రావు గారూ, ఆ మాట వినొద్దని చెప్పాల్సి వస్తోంది, ఏమీ అనుకోకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ని పారేయాల్సిందే. పాలలా ఉండే రకమైతే కరిగాక ఉండలు కడుతుంది, సీసా గోడలకి తెల్లగా అంటుకుంటుంది, కాబట్టి కంటికి తెలుస్తుంది. వేపపువ్వు గారిది నీళ్లలా ఉండే రకం. అందులో ఏ తేడా కనబడదు. అసలు ప్రమాదం అదే. పని తగ్గిపోయి ఉంటుంది, ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేరు. పది యూనిట్లు వేసుకుంటే ఆరు పనిచేయొచ్చు, ఎనిమిది పనిచేయొచ్చు. షుగర్ ఎందుకు పెరుగుతోందో తెలియక డోసు పెంచుతారు. తర్వాత కొత్త పెన్ను మొదలుపెట్టి అదే పెంచిన డోసు వేసుకుంటే ఒక్కసారిగా పడిపోతారు.

మీ నాన్నగారికి టైప్ 2 అయి ఉంటుంది. ఆయన ఒంట్లో కొంత ఇన్సులిన్ తయారవుతుంది కాబట్టి గండం గడిచింది. టైప్ 1 వాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను అసలు ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, గది 30 డిగ్రీలు దాటకపోతే సాధారణంగా నాలుగు వారాలు బయటే ఉంటుంది. కచ్చితమైన గడువు మీ పెన్ను డబ్బాలో ఉన్న కాగితం మీద చూడండి.

వేపపువ్వు
ధన్యవాదాలు. వాడుతున్నవి నా బ్యాగులోనే ఉన్నాయి, అవి బాగానే ఉన్నాయి. గడ్డకట్టిన రెండూ పక్కన పెట్టేశాను.

తాతయ్య_మనవడు
మా తాతయ్య రోజూ కాకరకాయ రసం తాగి ఇన్సులిన్ మానేశాడు. ఒకసారి ప్రయత్నించండి.

చిన్నోడి నాన్న
తాతయ్య_మనవడు, మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు టైప్ 1 వచ్చింది. ఇలాంటి సలహా విని ఎవరో రెండ్రోజులు ఇన్సులిన్ ఆపారనుకోండి, నేరుగా ఐసీయూకే. తాతగారిది వేరే జబ్బు. ఇక్కడ అలా రాయకండి, దయచేసి.

వేపపువ్వు, నా ప్రశ్న వేరు. ఆమెకి ఎందుకు చెప్పలేదు?

వేపపువ్వు
ఇంతకుముందు ఉన్న హాస్టల్లో చెత్తబుట్టలో సూదులు చూసి వార్డెన్ నా గది వెతికించింది. డాక్టర్ చీటీ చూపించాక నమ్మింది కానీ, అప్పటికే అంతస్తంతా పాకింది. కొందరు జాలిపడ్డారు, కొందరు అంటుకుంటుందేమో అన్నట్టు చూశారు. పైగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, "ఎవరికీ చెప్పకు" అని అమ్మ మాట తీసుకుంది. కొత్త ఇంట్లోనైనా మామూలు మనిషిలా ఉందామనుకున్నా.

డల్లాస్_గోదారి
సంబంధాల సంగతి తర్వాత. ఒకే ఫ్లాట్‌లో ఉండే మనిషికి తెలియకపోవడం నాకు మాత్రం భయంగా ఉంది. రాత్రి షుగర్ పడిపోతే?

గుంటూరు_మిర్చి
చెప్పాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం. అందరికీ జబ్బు చాటింపు వేయక్కర్లేదు. "అది మందు, గడ్డకడితే పాడవుతుంది" అని రాస్తే చాలు. ఏ మందో అడిగే హక్కు ఎవరికీ లేదు.

హాస్టల్_జ్ఞాపకాలు
మిర్చి గారితో ఏకీభవిస్తున్నా, సగం వరకే. నాకు ఫిట్స్ ఉండేవి. రూమ్‌మేట్‌కి చెప్పలేదు. ఒకరోజు వచ్చాయి, ఆమె నోట్లో చెంచా పెట్టబోయి నా పన్ను విరగ్గొట్టింది. తప్పు ఆమెది కాదు, ఆమెకి తెలిస్తే కదా.

కంప్రెసర్ బాబాయ్
అందరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు, ఫ్రిజ్ గురించి ఒక్కరూ అడగలేదు. నేను బెజవాడలో ఫ్రిజ్‌లు బాగుచేస్తాను, అదే నా బతుకుతెరువు. అమ్మా, 3లో పెడితే కింద పెరుగు పులుస్తోంది, 6లో పెడితే పైన మందు గడ్డకడుతోంది. అంటే మీ ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. పైన చలి ఎక్కువ, కింద తక్కువ. ఫ్రీజర్‌లో మంచు ఎంత మందంగా ఉంది?

వేపపువ్వు
మూడు వేళ్ల మందం ఉంటుంది బాబాయ్. ఐస్ ట్రే బయటికి రావడం లేదు.

సందేహాల రావు
మంచు బాగా కడితే ఫ్రిజ్ బాగా పనిచేస్తున్నట్టే కదా? కూలింగ్ బ్రహ్మాండంగా ఉందన్నమాట.

కంప్రెసర్ బాబాయ్
అందరూ అదే అనుకుంటారు సార్, అది తిరకాసు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో చలి పుట్టేది ఫ్రీజర్ గోడల్లోనే. అక్కడినుంచి చల్లగాలి బరువుగా కిందకి దిగుతుంది. ఆ గోడల మీద మూడు వేళ్ల మంచు పేరుకుంటే రగ్గు కప్పినట్టే, చలి కిందకి రాదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఫ్రీజర్‌కి ఆనుకున్న ట్రే మాత్రం మంచులా అయిపోతుంది, కింద అరలు వెచ్చగా ఉండిపోతాయి. దానికి తోడు నాబ్ 6కి తిప్పితే పైన ఉన్నది ఇంకా గడ్డకడుతుంది.

అంత మంచు ఎందుకు కట్టిందంటే బయటి తేమగాలి లోపలికి వెళ్తోంది. తలుపు రబ్బరు చూడాలి. ఒక కాగితం ముక్క తలుపుకీ ఫ్రిజ్‌కీ మధ్య పెట్టి తలుపు వేసి లాగండి. బిగుతుగా ఉండి, లాగితే ఆనుకుంటూ వస్తే రబ్బరు బాగున్నట్టు. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతున్నట్టు. పైన, కింద, పక్కల, ముఖ్యంగా మూలల్లో, అన్నిచోట్లా చూడాలి.

ముందు మంచు కరిగించండి. నాబ్ మధ్యలో ఎర్ర బటన్ ఉంటే నొక్కండి, లేకపోతే ప్లగ్ తీసేసి తలుపు తెరిచి పెట్టండి. చాకుతో మాత్రం గీకొద్దు. లోపల గ్యాస్ పైపు ఉంటుంది, చిల్లు పడితే ఇక ఆ ఫ్రిజ్ పని అయిపోయినట్టే.

వేపపువ్వు
బాబాయ్, ఆ కాగితం పరీక్ష ఆమె చేతే చేయిద్దామనిపించింది. ఆమె వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, తీరిగ్గా చూస్తుంది. మిర్చి గారన్నట్టు మందు సంగతి కూడా పైపైన రాశాను. నిన్న రాత్రి పెట్టిన చీటీ:

"ఆ తెల్ల డబ్బాలో మందు ఉంది. గడ్డకట్టి పాడైపోయింది. మీ పాలు విరగడానికి, నా మందు పాడవడానికి కారణం ఒకటే, తలుపు రబ్బరు అంటున్నారు. ఈ చీటీనే తలుపులో పెట్టి లాగి చూడండి. ఎక్కడ జారితే అక్కడ గుర్తు రాయండి."

పొద్దున్న అదే చీటీ వెనక ఫ్రిజ్ బొమ్మ గీసి ఉంది. మూడు వైపులా టిక్కు, కీలు పక్కన కింద మూల దగ్గర ఇంటూ గుర్తు. దాని కింద:

"ఇక్కడ ఊడి వచ్చేస్తోంది. దీపం వేసి చూస్తే రబ్బరు లోపలికి ముడుచుకుపోయి ఉంది. మీ మందు పాడైందని తెలియదు. ఎంతైందో చెప్పండి, ఇస్తాను. – ముందు గది"

డల్లాస్_గోదారి
అబ్బ, బొమ్మ కూడా గీసిందా! మంచి పిల్లే.

గుంటూరు_మిర్చి
డబ్బు తీసుకో. మొహమాటపడకు.

కంప్రెసర్ బాబాయ్
ముడుచుకుంటే మార్చక్కర్లేదు. గుడ్డని బాగా వేడినీళ్లలో ముంచి పిండి ఆ మూల దగ్గర అదిమి పెట్టండి, రబ్బరు మెత్తబడుతుంది. చేత్తో బయటికి లాగి సరిచేసి, తలుపు వేసి కొన్ని గంటలు వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ ఉంటే ఇంకా సులువు, దూరంగా పట్టుకోండి. చిరిగి ఉంటే మాత్రం కొత్తది వేయించాల్సిందే.

వేపపువ్వు
ఆదివారం ఆమెకి సెలవు. ఇద్దరం మొదటిసారి వంటింట్లో ఎదురుపడ్డాం. మాటలు పెద్దగా లేవు. మంచు కరిగే వరకు టవళ్లు మార్చుకుంటూ కూర్చున్నాం. ఆమె డ్రయ్యర్ తెచ్చింది, నేను రబ్బరు లాగాను. ఇప్పుడు కాగితం బిగుతుగా ఉంటోంది. డబ్బు తీసుకోలేదు మిర్చి గారూ, బదులుగా గోంగూర పచ్చడి తీసుకున్నాను. మందుల పెన్నుల ముందు అది చవకే, కానీ చాలా బాగుంది.

ఫార్మసిస్ట్_వరంగల్
ఒక థర్మామీటర్ కూడా కొనండి. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె మారిపోతుంది. గ్లాసు నీళ్లలో పెట్టి మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున్నే చూడండి. మందు మధ్య అరలో ముందువైపు పెట్టండి, వెనక గోడకి ఆనించొద్దు.

చిన్నోడి నాన్న
మేము తలుపు అరలోనే పెడతాం, ఏళ్లుగా ఏ ఇబ్బందీ రాలేదు.

ఫార్మసిస్ట్_వరంగల్
తలుపు మాటిమాటికీ తెరుస్తాం, అక్కడ వేడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందుకే నేను సిఫార్సు చేయను.

చిన్నోడి నాన్న
కానీ తలుపులో ఎప్పుడూ గడ్డకట్టదు కదండీ. కాస్త వెచ్చబడితే మందు కొంచెం ముందుగా పాడవుతుంది, గడ్డకడితే అప్పటికప్పుడే పోతుంది. ఇలాంటి పాత ఫ్రిజ్‌లో నేనైతే తలుపే ఎంచుకుంటా.

వేపపువ్వు
మీరిద్దరూ తేల్చుకునేలోపు నేను మధ్య అరలో మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టాను. నాబ్ 3లో ఉంది, పొద్దున్న గ్లాసు నీళ్లలో 5 డిగ్రీలు చూపించింది.

ఇంకో సంగతి. ఈరోజు తలుపు మీద ఉన్న చీటీలో ఒకే ఒక్క ముక్క ఉంది:

"E10.9?"

సందేహాల రావు
అదేంటి, వైఫై పాస్‌వర్డా?

కోడింగ్_కావ్యం
కాదు రావు గారూ. నేనూ అదే పనిలో ఉన్నా. అమెరికా ఆసుపత్రుల రికార్డులకి మేము వేసే జబ్బుల కోడ్. E10 అంటే టైప్ 1 డయాబెటిస్, చివర 9 అంటే దానివల్ల వచ్చే ఇబ్బందులేవీ లేవని. పెన్ను పేరు చూసి ఆమె పట్టేసింది. రోజంతా చార్టులు చదివేవాళ్లకి మందు పేరు కనబడితే చాలు, వేళ్లు వాటంతటవే కోడ్ కొడతాయి.

డల్లాస్_గోదారి
ఎంత సున్నితంగా అడిగిందో చూడండి. జబ్బు పేరు రాయలేదు. పనిమనిషి చూసినా, ఓనర్ వచ్చినా అర్థం కాదు.

హాస్టల్_జ్ఞాపకాలు
జవాబు రాశావా?

వేపపువ్వు
చాలాసేపు చీటీ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత రాశాను:

"E10.9. పదకొండో ఏట నుంచి. ఎవరికీ చెప్పకండి."

ఆమె జవాబు: "రోజుకి ఎనభై మంది జబ్బులు చూస్తా. ఎవరివీ బయట చెప్పను. మీదీ అంతే. నేనేం నేర్చుకోవాలో రాయండి."

చిన్నోడి నాన్న
ఆ చివరి వాక్యం చదివి మా ఆవిడకి కూడా చూపించాను. వెంటనే రాసి పెట్టండి. పెద్ద వ్యాసం వద్దు. రాత్రి కంగారులో చదవాల్సినది కాబట్టి నాలుగు వాక్యాలు చాలు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉన్నది చెబుతా. చెమటలు పట్టినా, చేతులు వణికినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఊరికే చిరాకుపడినా ముందు షుగర్ చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి, పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. మిషన్ దొరక్కపోతే వెతుక్కుంటూ కూర్చోకుండా తాగించేయాలి.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

తాతయ్య_మనవడు
చాక్లెట్ పెడితే తొందరగా పెరగదా? జేబులో పెట్టుకోవడం కూడా సులువు.

చిన్నోడి నాన్న
చాక్లెట్‌లో కొవ్వు ఉంటుంది, అది చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. మామూలప్పుడు తినొచ్చు, పడిపోయినప్పుడు మాత్రం గ్లూకోజే.

సందేహాల రావు
స్పృహ తప్పితే ఇన్సులిన్ ఇవ్వాలి కదా? షుగర్ పేషెంట్ పడిపోతే సూది వేయాలని విన్నాను.

ఫార్మసిస్ట్_వరంగల్
అయ్యో, అస్సలు వద్దు రావు గారూ. షుగర్ తగ్గి పడిపోయిన మనిషికి ఇన్సులిన్ ఇస్తే ఉన్న కాస్తా పోతుంది. మీరు విన్న సూది గ్లూకగాన్ అయి ఉంటుంది. అది షుగర్‌ని పెంచే మందు. మా వైపు షాపుల్లో అడగగానే దొరికేది కాదు, డాక్టర్‌తో ముందే మాట్లాడి తెప్పించుకోవాలి.

సందేహాల రావు
అడగడమే మంచిదైంది. నాన్నగారి మంచం పక్కన కూడా ఇది రాసి పెడతాను.

వేపపువ్వు
రాసి అంటించాను. గ్లూకోజ్ డబ్బా ఫ్రిజ్ పైన ఎడమవైపు. "నేను అర్థం లేకుండా కోపగించుకుంటే పట్టించుకోకండి, తాగించేయండి" అని కింద ఒక లైను కలిపాను.

బదులుగా నేనేం చేయాలి అని అడిగాను. వాళ్లకి సీపీసీ అని కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఉందట. వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, పాస్ కావాలంటే 70 శాతం. పుస్తకాలు చూసి రాయొచ్చు కానీ వెతకడానికి టైం చాలదట. అందుకని రోజూ పొద్దున్న ఒక జబ్బు రాసి వెళ్తున్నా, సాయంత్రానికి కోడ్ రాసి ఉంచుతోంది.

"బీపీ." – "I10. ఇది చిన్నపిల్లలు కూడా చెబుతారు. కష్టమైనది ఇవ్వండి."
"డెంగ్యూ." – "A90."
"పిల్లి కరిచింది." – "W55.01XA. చివర A ఎందుకంటే ఆ దెబ్బకి చికిత్స ఇంకా నడుస్తోంది. ఆ పిల్లి ఎవరిదో మాత్రం కోడ్‌లో లేదు."

కోడింగ్_కావ్యం
మూడూ కరెక్ట్. ఆమెకి చెప్పండి, గాయాలు, విషప్రయోగాలు, గర్భిణుల కోడ్‌లు బాగా చూసుకోమని. నాకు అక్కడే టైం పోయింది.

గుంటూరు_మిర్చి
నేను ఇల్లు మారమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎలుక కరిస్తే ఏ కోడో అడుగు.

వేపపువ్వు
కొన్నాళ్లుగా రాయలేకపోయాను. ఒక విషయం జరిగింది, ఇక్కడ చెప్పాలి.

ఆరోజు ఆఫీసులో ఆలస్యమై, అలసటతో రాత్రి భోజనం సగమే తిన్నాను. ఇన్సులిన్ మాత్రం పూర్తి భోజనానికి వేసుకుని ఉన్నాను. తెల్లవారుజామున మెలకువొచ్చి వంటింట్లోకి వెళ్లినట్టు లీలగా గుర్తు. తర్వాతది ఆమె చెబితేనే తెలిసింది. ఆమె వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది, నేను దాని ముందు నేల మీద కూర్చుని ఉన్నాను, ఒళ్లంతా చెమట. ఏమైందని అడిగితే "నాబ్ ఎవరు తిప్పారు" అని అరిచానట. గ్లాసు అందిస్తే తోసేశానట. ఆమె మళ్లీ కలుపుకొచ్చి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గుటక గుటకగా తాగించింది. షుగర్ 46. పావుగంటకి 63. ఇంకోసారి ఇచ్చాక 98. తర్వాత నాలుగు బిస్కెట్లు తినిపించి, నిద్రపోకుండా పక్కనే కూర్చుంది.

నేను ఆఫీసుకి సెలవు పెట్టి పడుకుని లేచేసరికి తలుపు మీద చీటీ:

"నిన్నటిది E10.649. షుగర్ పడిపోయింది కానీ స్పృహ ఉంది అని అర్థం. ఆ కోడ్ నేను వేల సార్లు వేసుంటా, మనిషిని చూడటం ఇదే మొదటిసారి. ఇకనుంచి రాత్రి ఎంత తిన్నావో చీటీలో రాసి పడుకో. రాయకపోతే ఐదింటికి వచ్చి లేపుతా. తలుపుకి గడియ పెట్టకు."

డల్లాస్_గోదారి
చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

హాస్టల్_జ్ఞాపకాలు
తోసేసినా మళ్లీ కలుపుకొచ్చింది చూడు. నువ్వు ముందే రాసి పెట్టిన ఆ ఒక్క లైను లేకపోతే "నిద్ర మత్తులో కోపం" అనుకుని వాళ్ల గదిలోకి వెళ్లిపోయేది.

చిన్నోడి నాన్న
అదే. పడిపోయినప్పుడు వచ్చే కోపం మనిషిది కాదు, మెదడుకి చక్కెర అందక వచ్చేది. మా వాడు ఒకసారి నన్ను కొరికాడు.

వేపపువ్వు, రాత్రి డోసు గురించి డాక్టర్‌తో మాట్లాడారా? ఇది ఒక్కసారి జరిగి ఆగిపోదు. పడుకునే ముందు షుగర్ చూసుకోవడం తప్పనిసరి చేసుకోండి.

వేపపువ్వు
వెళ్లొచ్చాం. ఇద్దరం కలిసే వెళ్లాం, ఆమె షిఫ్ట్ దిగి నిద్ర మానుకుని వచ్చింది. ఎంత తింటానో తెలియని రోజున భోజనం ముందు కాకుండా తిన్న వెంటనే వేసుకోమన్నారు, అది నా రకం ఇన్సులిన్‌కి కుదురుతుందట. నేను అడగడం మర్చిపోయినవి రెండు ఆమె చీటీ తీసి అడిగింది.

గుంటూరు_మిర్చి
అక్కడ కూడా చీటీయేనా!

సందేహాల రావు
అమ్మకి చెప్పారా, ఈమెకి తెలుసని? మాట తీసుకున్నారన్నారు కదా.

వేపపువ్వు
ఇంకా లేదు రావు గారూ. ఆ రాత్రి సంగతి కూడా చెప్పలేదు. చెబితే ఉద్యోగం మాన్పించి ఊరికి రమ్మంటారు.

డల్లాస్_గోదారి
నాకైతే చెప్పాలనే ఉంది. తల్లి కదా.

గుంటూరు_మిర్చి
నేను ఒప్పుకోను. పక్క గదిలో తెలిసిన మనిషి ఉంది, డాక్టర్ చూశారు. ఊళ్లో ఉన్న అమ్మకి చెప్పి ఆవిడ నిద్ర కూడా పోగొట్టడం ఎందుకు?

హాస్టల్_జ్ఞాపకాలు
రేపు ఇంకోసారి జరిగి ఆసుపత్రి నుంచి ఫోన్ వెళ్తే? అప్పుడు తెలియడం కంటే ఇప్పుడు తెలియడం నయం.

వేపపువ్వు
ఈ విషయంలో ఆమె కూడా మీ వైపే ఉంది. ఈ వారం చీటీలు ఇవి, మీరే చూడండి:

"రాత్రి: రెండు చపాతీ, పప్పు, పెరుగు. పడుకునే ముందు 134. – బా"
"గుడ్. పెరుగు నాకేమైనా మిగిల్చావా?"
"గిన్నె అడుగున ఉంది. తోడు వేసి పెట్టు, పాలు కాచి ఉంచా. పరీక్ష ఎప్పుడో చెప్పనే లేదు."
"వచ్చే నెల. నువ్వు మీ అమ్మకి ఫోన్ చేసిన రోజు చెబుతా."
"అది బెదిరింపు."
"అవును. ఈరోజు జబ్బు రాయకుండా వెళ్లావేంటే? ఊరికే కూర్చున్నా."

కోడింగ్_కావ్యం
రేపటికి నేనిస్తా, పెట్టండి: "నిచ్చెన మీంచి పడి మణికట్టు విరిగింది." దీనికి రెండు కోడ్‌లు కావాలి, దెబ్బకి ఒకటి, ఎలా తగిలిందో చెప్పేది ఒకటి. ఎంతసేపట్లో వెతికిందో టైం కూడా రాయమనండి.

కంప్రెసర్ బాబాయ్
అమ్మా, మధ్యలో ఒక మాట. వేసవి వస్తోంది. రబ్బరు మళ్లీ ముడుచుకుంటుంది, పాతదానికి అది మామూలే. నెలకోసారి కాగితం పెట్టి చూసుకోండి. ఫ్రీజర్‌లో వేలు మందం మంచు కనబడగానే కరిగించండి, మూడు వేళ్ల దాకా ఆగొద్దు. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంటే కొన్ని గంటల వరకు మందుకి ఢోకా లేదు.

వేపపువ్వు
ఇది యథాతథంగా రాసి అంటిస్తున్నా బాబాయ్. నిచ్చెన ప్రశ్న కూడా పక్కనే పెట్టాను.